కొలను ఎప్పటికి నిండుతుంది?

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల దారుల్లో వారాంతాలకు అద్దెకిచ్చే ఫాంహౌసులు చాలా వెలిశాయి. వాటిలో చాలావాటికి ఒక ఈత కొలను ఉంటుంది. కొలను ఖాళీ చేసి, కడిగి, మళ్లీ నింపాల్సిన రోజున యజమానికి కావలసిన జవాబు ఒక్కటే: శనివారం పొద్దున్న జనం దిగేసరికి నిండుతుందా, లేదా? శుక్రవారం సాయంత్రం మోటారు వేసి గంట తర్వాత లోతు వైపు చూస్తే పిక్కల దాకా నీళ్లు కనిపిస్తాయి. గంటకే అడుగు నీళ్లు వచ్చాయి, ఆరడుగులకు ఆరు గంటలు, అర్ధరాత్రికల్లా అయిపోతుందని నిశ్చింతగా పడుకుంటారు. తెల్లారి లేచి చూస్తే పిల్లలు దిగే వైపు చీలమండలు మాత్రమే తడుస్తాయి. మోటారు ఆగలేదు, కరెంటు పోలేదు, నీళ్లు ఎక్కడికీ కారిపోలేదు. నీటి మట్టాన్ని చూసి నీళ్లెన్నో అంచనా వేయడంలోనే పొరపాటు ఉంది. అడుగు వాలుగా ఉన్న కొలనులో మట్టం ఒకే వేగంతో పెరగదు.

ఒక కొలనును ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు. ఒక చివర నీటి లోతు 3 అడుగులు, రెండో చివర 6 అడుగులు. ముందుగా వాలు సంగతి పక్కనపెట్టి, అడుగంతా ఒకే లోతులో చదునుగా ఉందనుకుంటే పని చాలా తేలిక. పొడవు, వెడల్పు, లోతు మూడూ గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక ఘనపుటడుగులో 28.3 లీటర్లు పడతాయి కాబట్టి వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు తేలతాయి. మీటర్లలో కొలిచినవారికి ఇంకా సుఖం, ఒక ఘనపు మీటరు అంటే సరిగ్గా వెయ్యి లీటర్లు. ఒలింపిక్ పోటీలు జరిగే కొలను 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని లోతు 2 మీటర్లనుకుంటే 2,500 ఘనపు మీటర్లు, అంటే 25 లక్షల లీటర్లు. దీనికి కాగితం కూడా అక్కర్లేదు.

ఇక వాలు దగ్గరికి వద్దాం. ఒక చివరి నుంచి రెండో చివరి దాకా అడుగు ఒకే తీరుగా దిగుతూ పోతే రెండు చివరల లోతులు కలిపి సగం చేస్తే చాలు. మూడూ ఆరూ తొమ్మిది, అందులో సగం నాలుగున్నర. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్క. కొలను సరిగ్గా మధ్యలో లోతు నాలుగున్నర అడుగులే ఉంటుంది. అక్కడి నుంచి లోతు వైపు ఎంత ఎక్కువ నీళ్లు ఉంటాయో, ఇటు లోతు తక్కువ వైపు సరిగ్గా అంతే తక్కువ ఉంటాయి. ఆ ఎక్కువను తెచ్చి ఈ తక్కువలో పోస్తే అడుగు చదునుగా ఉన్న నాలుగున్నర అడుగుల తొట్టి అవుతుంది. కాబట్టి 40 × 20 × 4.5 చేస్తే 3,600 ఘనపుటడుగులు. లీటర్లలో సుమారు 1,01,900.

సమయం కావాలంటే ఈ లీటర్లను నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో దానితో భాగించాలి. పైపు నిమిషానికి 100 లీటర్లు పోస్తోందనుకుంటే 1,019 నిమిషాలు, అంటే 17 గంటలు. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే మర్నాడు పొద్దున్న పదకొండింటికి నిండుతుంది. మోటారు మధ్యలో ఆగకుండా, నీళ్లు తగ్గకుండా వస్తేనే ఈ మాట.

ఇప్పుడు ఆ 17 గంటలూ ఎలా గడుస్తాయో చూడాలి, అసలు విషయం అక్కడుంది. నీళ్లు ముందు లోతు చివరకు చేరతాయి. మొదట్లో అవి పరుచుకునే చోటు చాలా చిన్నది. లోతు చివర మట్టం ఒక అడుగు లేచేసరికి నీళ్లు కొలను పొడవులో 13 అడుగుల పైచిలుకు దాకా మాత్రమే వ్యాపిస్తాయి. అదీ అంతటా అడుగు లోతున కాదు, వాలు మీద పలచబడుతూ పోయి చివరికి సున్నా అవుతుంది. తలుపు కొట్టుకోకుండా కింద దూర్చే చెక్కముక్క ఎలా ఉంటుందో ఆ నీటి ఆకారం అలా ఉంటుంది. అందులో ఉన్నవి 133 ఘనపుటడుగులు, అంటే 3,800 లీటర్లకు కాస్త తక్కువ. నిమిషానికి 100 లీటర్ల లెక్కన 38 నిమిషాల్లో ఆ మొదటి అడుగు వచ్చేస్తుంది.

రెండో అడుగు అంత త్వరగా రాదు. మట్టం రెట్టింపు అయ్యేసరికి నీళ్లు పరుచుకున్న పొడవు కూడా రెట్టింపు అవుతుంది, కాబట్టి నీళ్లు నాలుగింతలు కావాలి. రెండో అడుగుకు గంటా 53 నిమిషాలు పడుతుంది. మూడో అడుగుకు 3 గంటలా 9 నిమిషాలు. ఇక్కడికి లోతు చివర మూడడుగుల నీళ్లు నిలిచి, నీటి అంచు సరిగ్గా రెండో చివరి గోడను తాకుతుంది. వాలు మొత్తం మునిగిపోయింది. ఇక్కడి నుంచి కొలను మామూలు తొట్టిలాగే ప్రవర్తిస్తుంది. ప్రతి అడుగుకూ నీళ్లు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు మొత్తాన్నీ నింపాలి కాబట్టి అడుగుకు 22,650 లీటర్లు, 3 గంటలా 47 నిమిషాలు చొప్పున పడుతుంది.

అంటే లోతు చివర మట్టం సగానికి, మూడడుగులకు రావడానికి 5 గంటలా 40 నిమిషాలు చాలు. మిగతా సగానికి 11 గంటలా 20 నిమిషాలు కావాలి. మట్టం సగం ఉన్నప్పుడు నీళ్లు మూడో వంతే ఉన్నాయన్నమాట. మొదటి అడుగును చూసి లెక్కగట్టినవారికి మొత్తం కొలను నాలుగు గంటల్లో నిండాలి. మొదట్లో మనం చూసిన యజమాని పొరపాటు ఇదే. అతని పైపు నిమిషానికి 70 లీటర్లే పోస్తోందనుకోండి, మొదటి అడుగుకు గంట కన్నా తక్కువే పడుతుంది. కానీ పన్నెండు గంటల తర్వాత కూడా లోతు తక్కువ వైపు ముక్కాలు అడుగు నీళ్లే ఉంటాయి.

అయితే ఒక చివరి నుంచి రెండో చివరికి నిట్టనిలువు గీతలా ఒకే వాలుతో దిగే కొలనులు నిజానికి అంత ఎక్కువేమీ ఉండవు. పిల్లలూ, ఈత రానివారూ నిలబడడానికి ఒక వైపు చాలా దూరం చదునుగా ఉంచుతారు. ఆ తర్వాత వాలు మొదలై త్వరగా దిగిపోతుంది. చివర్లో లోతైన చదును కొంచెం ఉంటుంది. మన కొలనే అలా ఉందనుకుందాం. మొదటి 24 అడుగులు మూడడుగుల లోతున చదును, తర్వాత 10 అడుగులు వాలు, చివరి 6 అడుగులు ఆరడుగుల లోతున చదును. రెండు చివరల లోతులు ఇంతకుముందులాగే మూడూ ఆరూ. కాంట్రాక్టరును అడిగినా 'మూడు టు ఆరు' అనే చెబుతాడు. సగటు నాలుగున్నర వేసేస్తే మళ్లీ 1,01,900 లీటర్లే వస్తుంది. ఈసారి అది తప్పు.

ఇలాంటి కొలనును అడుగు మారిన చోటల్లా అడ్డంగా కోసినట్టు ఊహించుకుని మూడు ముక్కలుగా లెక్కవేయాలి. మొదటి ముక్క 24 × 20 × 3, అంటే 1,440 ఘనపుటడుగులు. వాలు ముక్కలో మాత్రం సగటు లోతు నాలుగున్నర వాడవచ్చు, ఎందుకంటే అక్కడ అడుగు నిజంగానే ఒకే తీరుగా దిగుతోంది. 10 × 20 × 4.5 అంటే 900. చివరి ముక్క 6 × 20 × 6, అంటే 720. మూడూ కలిపితే 3,060 ఘనపుటడుగులు, సుమారు 86,650 లీటర్లు. సగటు లోతుతో వేసిన లెక్కకూ దీనికీ తేడా 15,000 లీటర్ల పైనే. ట్యాంకర్లతో నింపేవారికి ఇది మూడు ట్యాంకర్ల డబ్బు. హైదరాబాద్ జలమండలి ట్యాంకర్లు 5,000, 10,000 లీటర్లవి ఉంటాయి. చిన్న ట్యాంకర్లయితే ఈ కొలనుకు 18 సరిపోతాయి, తప్పు లెక్క నమ్మితే 21 చెప్పి ఉంచుతారు. ట్యాంకరు నీటి విలువ బెంగళూరువాళ్లకు బాగా తెలుసు. 2024 మార్చిలో అక్కడ నీటి ఎద్దడి ముదిరినప్పుడు ఈత కొలనులకు తాగునీరు వాడకూడదని ఆ నగర జలమండలి నిషేధం పెట్టింది.

ఈ ఆకారంలో మట్టం ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. లోతు వైపు మడుగు చిన్నది, చదును చాలా పెద్దది. నిమిషానికి 100 లీటర్లతో లోతు చివర మూడడుగులు మూడు గంటల్లోనే వచ్చేస్తాయి. ఆ తర్వాతి మూడడుగులకు ఇంతకుముందులాగే 11 గంటలా 20 నిమిషాలు. మొత్తం పద్నాలుగున్నర గంటలు. నీళ్లు వాలు ఎక్కి చదును మీదికి పాకే సమయంలో మట్టం దాదాపు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. 'మోటారు నీళ్లు పోయట్లేదు' అని ఫోన్లు వచ్చేది సరిగ్గా అప్పుడే.

కొలతలు తీసేటప్పుడు ఒకటి రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, గోడ ఎత్తు వేరు, నీటి లోతు వేరు. నీటి పైన తేలే ఆకులనూ చెత్తనూ లాగేసుకునే స్కిమ్మర్ ఉన్న కొలనులో నీళ్లు గోడ పైఅంచు దాకా ఉండవు. స్కిమ్మర్ నోరు సగం మునిగే దాకానే నింపుతారు. పైన అరడుగు ఖాళీగా ఉందనుకుంటే, గోడ ఎత్తునే లోతుగా తీసుకున్నవారి లెక్కలో 11,300 లీటర్లు దొంగగా చేరతాయి. అంచు మీదుగా నీళ్లు పొర్లి కాలువలో పడే ఓవర్‌ఫ్లో కొలనుల్లో దీనికి తిరగబడుతుంది. వాటిలో నీళ్లు పైఅంచు దాకా ఉండడమే కాక, పొర్లిన నీటిని పట్టుకునే బ్యాలెన్సింగ్ ట్యాంకు కూడా నిండాలి. దాని లీటర్లు విడిగా కలుపుకోవాలి.

రెండోది, పొడవు ఎక్కడ కొలుస్తున్నామన్నది. కొలను ఖాళీగా ఉన్నప్పుడు టేపును అడుగున వాలు వెంట పరిచి కొలవడం చాలామంది చేసే పని. మన కొలనులో ఆ వాలు ముక్క పైనుంచి కొలిస్తే 10 అడుగులు, అడుగున టైల్స్ మీదుగా కొలిస్తే 10 అడుగులా 5 అంగుళాలు దాటుతుంది. మనకు కావలసింది పైనుంచి కొలిచిన అడ్డపు దూరం. నీళ్లు ఎక్కడిదాకా ఉంటాయో గోడ మీద గుర్తు పెట్టి, తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో అదే గుర్తును నాలుగు గోడల మీదికీ తీసుకెళ్లి, ఇటు నుంచి అటు దారం బిగించి, ఆ దారం నుంచి కిందికి టేపు వదిలితే లోతు సరిగ్గా తెలుస్తుంది. రెండేసి అడుగులకు ఒకసారి ఇలా కొలుచుకుంటూ పోతే వాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దానంతటదే బయటపడుతుంది. మూల మెట్ల గురించి మాత్రం బెంగ పడనక్కర్లేదు. నాలుగడుగుల వెడల్పు మెట్ల వరస ఆక్రమించేది ఏ 500 లీటర్లో. 86,000 లీటర్ల లెక్కలో అది కనిపించదు.

లీటర్లు తేలాయి. ఇక నీళ్లు ఏ వేగంతో వస్తున్నాయో తెలియాలి. నా దృష్టిలో సమయం లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే, కొలను కొలతల దగ్గర కాదు. 'మూడు హెచ్‌పీ మోటారు' అన్న మాట నీళ్లెన్నో చెప్పదు. అదే మోటారు వంద అడుగుల నుంచి తోడితే ఒకలా, నాలుగు వందల అడుగుల నుంచి తోడితే ఇంకోలా పోస్తుంది. బోరు వేసినవాళ్లు 'రెండంగుళాల నీళ్లు' అంటారు. ఆ మాటను కూడా చూసి వాడుకోవాలి. కొందరు పైపు సైజును దృష్టిలో పెట్టుకుని అంటారు, కొందరు వి ఆకారంలో కోసిన రేకు మీదుగా నీళ్లు పారించి, ఆ గాడిలో నీళ్లు ఎన్ని అంగుళాల ఎత్తున పారాయో చూసి అంటారు. ఈ రెండో పద్ధతిలో అంగుళాలు రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కావు. గాడి పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి నీళ్లు చాలా వేగంగా పెరుగుతాయి. 90 డిగ్రీల గాడిలో ఒక అంగుళం అంటే నిమిషానికి ఎనిమిదిన్నర లీటర్లు. రెండంగుళాలు అంటే 48 లీటర్లు. మూడంగుళాలు అంటే 130 లీటర్ల పైన. అంగుళానికీ అంగుళానికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు మాట మీద లెక్క కట్టలేం, నీళ్లు పట్టి చూడాలి.

నీళ్లు పట్టి చూడడానికి బకెట్టు అందరి దగ్గరా ఉంటుంది. 20 లీటర్ల బకెట్టు 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు. చిక్కేమిటంటే, ఫోనులో ఒక సెకను అటూ ఇటూ నొక్కినా ఎనిమిది శాతం తేడా వస్తుంది. పైగా వేగంగా పడే నీళ్లు సగం బయటికి చిందుతాయి. దానికన్నా నీలం ప్లాస్టిక్ డ్రమ్ము మేలు. తాగునీటి 20 లీటర్ల క్యానుతో పదిసార్లు పోసి, 200 లీటర్లకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత పెట్టుకోవాలి. ఆ గీత దాకా నిండడానికి రెండు నిమిషాలు పడితే నిమిషానికి 100 లీటర్లే. అప్పుడు ఒక సెకను పొరపాటు ఒక శాతం కన్నా తక్కువ. డ్రమ్మును బోరు దగ్గర కాదు, నీళ్లు కొలనులో పడే చోట పెట్టాలి. పొడవాటి పైపు, వంపులు, సగం తిప్పిన వాల్వు, మధ్యలో తోటకు పోయే చీలిక ఇవన్నీ దారిలోనే కొంత నీటిని తీసుకుంటాయి.

ఎప్పుడు కొలవాలన్నది కూడా ముఖ్యమే. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్లు బోరు ఇచ్చే ఊట కాదు, బోరులో అప్పటికే నిలిచి ఉన్న నీళ్లు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్ల చొప్పున నీళ్లు నిలుస్తాయి. మోటారు పైన వంద అడుగుల నీళ్లు నిలిచి ఉంటే 650 లీటర్లు. నిమిషానికి 100 లీటర్లు లాగే మోటారుకు ఇది ఆరేడు నిమిషాల పని. ఆ తర్వాత రాయి పగుళ్లలోంచి ఎంత ఊరుతుందో అంతే వస్తుంది. మట్టం దిగేకొద్దీ మోటారు ఇంకా కిందినుంచి తోడాలి కాబట్టి ఆ లెక్కనా కొంత తగ్గుతుంది. అందుకే ఒకసారి మొదట్లో, ఒకసారి గంటకు, ఇంకోసారి మూడు నాలుగు గంటలకు డ్రమ్ము పెట్టి చూడాలి. చివరి రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ అంకెను నమ్మవచ్చు.

మన కొలనుకే ఇది అన్వయించి చూద్దాం. మొదటి నిమిషాల్లో 100 లీటర్లు వచ్చి, తర్వాత 70 దగ్గర నిలకడ పడిందనుకోండి. 86,650 లీటర్లకు ఇప్పుడు 1,238 నిమిషాలు, అంటే 20 గంటల 40 నిమిషాలు. బోరు గట్టిది కాకపోతే అది కూడా నిలవదు. ఎండాకాలంలో చాలా బోర్లకు మూడు గంటలు తోడాక రెండు గంటలు విరామం ఇస్తే గానీ నీళ్లు ఊరవు. అంటే ప్రతి ఐదు గంటల్లో మూడు గంటలే నీళ్లు, ఒక్కో విడతకు 12,600 లీటర్లు. ఆరు విడతలు పూర్తయి, అంటే 30 గంటలు గడిచి, ఇంకా రెండున్నర గంటలు మోటారు నడిస్తే కొలను నిండుతుంది. పద్నాలుగున్నర గంటలనుకున్న పని ముప్పై రెండున్నర గంటలైంది. కొలను మారలేదు. శనివారం పొద్దున్నకు నీళ్లు కావాలంటే గురువారం రాత్రే మోటారు వేయాలి, లేదా బోరుతో పాటు నాలుగైదు ట్యాంకర్లు చెప్పుకోవాలి.

అమెరికాలో ఇంటి వెనక కొలను ఉన్న మనవాళ్లు ఇదే లెక్క గ్యాలన్లలో వేసుకోవాలి. అక్కడి ఘనపుటడుగుకు 7.48 గ్యాలన్లు. మొదట చెప్పిన 3,600 ఘనపుటడుగుల కొలనుకు 26,900 గ్యాలన్లు పైగా. తోటకు వాడే పైపు నిమిషానికి తొమ్మిది గ్యాలన్లు పోస్తే 50 గంటలు. అయితే అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, పాత బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు. మందుల డబ్బాల మీదా పంపుల మీదా గ్యాలన్లు అని రాసి ఉంటే అవి ఏ గ్యాలన్లో చూసుకోకపోతే ఐదో వంతు తేడా పడుతుంది.

నింపడం మొదలయ్యాక లెక్క సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకునే మంచి సమయం ఒకటుంది. అడుగంతా మునిగి, నీళ్లు నాలుగు గోడలనూ తాకాక ఇక మట్టం ఒకే వేగంతో పెరగాలి. 40 × 20 అడుగుల కొలనులో ఒక్కో అంగుళానికి 1,890 లీటర్లు పడతాయి. నిమిషానికి 70 లీటర్లయితే 27 నిమిషాలకొక అంగుళం. గోడకు ఒక టేపు అంటించి, గంట గంటకూ చూసి రాసుకుంటే చాలు. గంటకు రెండంగుళాల పైన పెరగాల్సింది ఒకటిన్నరే పెరిగితే ఏదో జరుగుతోంది. అప్పుడు ముందు డ్రమ్ము పెట్టి పైపు నీళ్లు కొలవాలి. నీళ్లే తగ్గి ఉంటే బోరు సంగతి. పైపు నీళ్లు సరిగ్గానే ఉండి మట్టం వెనకబడితే కొలనులోంచి పోతున్నాయి. అడుగున ఉన్న మెయిన్ డ్రెయిన్ నుంచి బయటికి పోయే బ్యాక్‌వాష్ వాల్వు సరిగ్గా మూయకపోవడం ముందు చూడాల్సిన చోటు. ఆ తర్వాత లైట్ల చుట్టూ, పైపులు గోడలోకి దూరిన చోట.

'ఎండకు ఆవిరైపోతోంది' అన్న మాట ఈ సందర్భంలో చెల్లదు. గట్టి ఎండాకాలంలో రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఆవిరవుతాయనుకున్నా అది పావు అంగుళం మాటే. ఈ కొలనుకు రోజంతా కలిపి 500 లీటర్లలోపు, మోటారుకు ఏడు నిమిషాల పని. నిండాక కూడా రోజుకు అంగుళం దిగిపోతుంటే అది ఎండ పని కాదు. అనుమానం తీర్చుకోవడానికి ఒక బకెట్టులో కొలను నీళ్లే పోసి, అది కొట్టుకుపోకుండా బరువు పెట్టి, మెట్టు మీద ఉంచి, లోపలి మట్టం బయటి మట్టంతో సమానంగా చేసి రెండు చోట్లా గీత పెట్టాలి. పంపు ఆపేసి ఒక రోజు వదిలేయాలి. రెండింటి మీదా పడే ఎండా గాలీ ఒకటే. బకెట్టులో కన్నా కొలనులో ఎక్కువ దిగితే ఆ ఎక్కువంతా కారిపోయిన నీళ్లే.

పొలంలో తవ్వుకునే పంట కుంటకు మాత్రం ఈ సగటు లోతు లెక్క పనికిరాదు. అక్కడ అడుగు చదును, నాలుగు గట్లూ లోపలికి వాలి ఉంటాయి. పైన 10 మీటర్ల చదరం, అడుగున 4 మీటర్ల చదరం, లోతు 2 మీటర్లు ఉన్న కుంటలో పట్టేవి 104 ఘనపు మీటర్లు. పైకొలతలు చూసి 10 × 10 × 2 అంటే 200 వస్తుంది. దానికి సరైన దారి పై వైశాల్యం, అడుగు వైశాల్యం, సరిగ్గా సగం లోతులో ఉండే వైశాల్యానికి నాలుగు రెట్లు, ఈ మూడూ కలిపి, లోతుతో గుణించి ఆరుతో భాగించడం. సగం లోతులో ఆ కుంట 7 మీటర్ల చదరం కాబట్టి 100, 16, 196 కలిపితే 312, దాన్ని రెండుతో గుణించి ఆరుతో భాగిస్తే 104.

కొలను గుండ్రటి మూలలతో, వంపులతో ఉంటే టేపుతో ఎంత జాగ్రత్తగా కొలిచినా కొంత తేడా మిగులుతుంది. అలాంటి కొలనుకు నింపే రోజే అసలైన కొలత. వచ్చే పైపుకు నీటి మీటరు బిగించి, మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, స్కిమ్మర్ సగానికి చేరినప్పుడు ఒకసారి అంకె రాసుకుంటే రెండింటి తేడాయే కొలను నీళ్లు. మీటరు లేకపోతే నిలకడగా వచ్చిన లీటర్లను మోటారు నిజంగా నడిచిన నిమిషాలతో గుణించినా దగ్గరికి వస్తుంది. వాలూ, మెట్లూ, మూలలూ అన్నీ అందులో కలిసే వస్తాయి. ఆ అంకెను పంపు గదిలో గోడ మీద చెరగని రంగుతో రాసిపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే క్లోరిన్ వేసేవాడికి రోజూ కావలసింది అదే. వెయ్యి లీటర్ల నీటికి ఒక గ్రాము క్లోరిన్ కలిపితే ఒక పీపీఎం పెరుగుతుంది. 86,650 లీటర్ల కొలనులో రెండు పీపీఎం పెంచాలంటే 173 గ్రాముల క్లోరిన్ కావాలి. 65 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే 267 గ్రాములు. 'మూడు టు ఆరు' లెక్క నమ్మి 1,01,900 లీటర్లు అనుకున్నవాడు ప్రతిసారీ 314 గ్రాములు తూస్తాడు.